పడదు, నడవదు

శనివారం రాత్రి కోర్ బ్యాంకింగ్‌కి కొత్త వెర్షన్ ఎక్కించారు. సోమవారం పదకొండు దాటేసరికి బ్రాంచిలో కౌంటర్లన్నీ బిగుసుకుపోయాయి. తప్పెవరిదో తేల్చడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు.

"కొత్త సాఫ్ట్‌వేర్ దరిద్రం" అంది క్యాష్ కౌంటర్ మేడమ్. "పాతదే హాయిగా ఉండేది" అన్నాడు లోన్ సెక్షన్ ఆఫీసరు. శుక్రవారం దాకా ఆ పాతదాన్ని తిట్టిందీ ఆయనే. హెల్ప్‌డెస్క్ వాళ్లు బ్రౌజర్ క్యాష్ తుడవమన్నారు, తుడిచారు. యాంటీవైరస్ ఆపి చూడమన్నారు, చూశారు. చివరికి ఒక సిస్టమ్‌ని ఫార్మాట్ కూడా కొట్టారు. అది అందరికంటే నెమ్మదిగా నడుస్తోందని మేడమ్ ఫిర్యాదు. గురువారం సిస్టమ్స్ బాగుచేసే శ్రీధర్ వచ్చేసరికి ఫిర్యాదు టికెట్‌లో వైద్యం కూడా రాసేసి ఉంది: క్లయింట్ రీఇన్‌స్టాల్ చేయవలెను.

శ్రీధర్ బ్యాగు దించి, సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ తీయకుండా, మేడమ్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నన్ను చూస్తారేంటండీ, దాన్ని చూడండి."

"దాన్నే చూస్తున్నా మేడమ్. మీరు మామూలుగా పని చేసుకోండి."

లాగిన్ అయింది. అకౌంట్ నంబర్ కొట్టగానే పేరు, బ్యాలెన్స్ వచ్చాయి. ఖాతాదారు ఫొటో, సంతకం రావాల్సిన రెండు డబ్బాలు మాత్రం తెల్లగా ఉండిపోయాయి. చక్రం తిరిగి తిరిగి, సెషన్ ముగిసిందని బయటికి నెట్టేసింది. పాత వెర్షన్‌లో సంతకం అడిగితేనే వచ్చేదట. కొత్తదాంట్లో అకౌంట్ తెరిస్తే చాలు, బొమ్మలన్నీ వాటంతటవే దిగుతాయి.

"పొద్దున తెరవగానే బాగానే ఉంటుంది సార్" అన్నాడు పక్కనే నిలబడ్డ అటెండరు. "పదకొండు దాటితేనే ఈ గోల."

ఆ మాట నాలుగు రోజులుగా అతను అందరికీ చెబుతున్నాడు. ఎవరూ రాసుకోలేదు. సాఫ్ట్‌వేర్‌కి పొద్దున ఒక బుద్ధి, మధ్యాహ్నం ఒక బుద్ధి ఉండదు. రద్దీ వల్లేమో అనుకుని శ్రీధర్ మరో బ్రాంచిలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. అదే వెర్షన్, ఇంతకంటే పెద్ద క్యూ, ఏ ఇబ్బందీ లేదు.

శ్రీధర్ ల్యాప్‌టాప్ తెరిచి లైను అవతలి గేట్‌వేకి రెండు రకాల పింగ్ కొట్టాడు.

```
ping -n 100 10.20.30.1
ping -n 100 -l 1400 10.20.30.1
```

మొదటిది 32 బైట్ల చిన్న ప్యాకెట్లు. నూటికి ఒకటి పోయింది. హెల్ప్‌డెస్క్ వాళ్లు నాలుగే పంపి, నాలుగూ తిరిగొచ్చాయని నెట్‌వర్క్ బాగుందని రాశారు. రెండోది 1400 బైట్లవి. వాటిలో 23 పోయాయి. దారిలో ఎక్కడో బిట్లు చెడుతుంటే జరిగేది ఇదే. ప్యాకెట్‌ని లైను మీద మోసే ఫ్రేమ్ ఎంత పొడవైతే దానికి దెబ్బ తగిలే అవకాశం అంత ఎక్కువ. ఒక్క బిట్ చెడినా ఫ్రేమ్ మొత్తం చెత్తబుట్టలోకే. బ్యాలెన్స్ చిన్నది కాబట్టి దూరిపోతోంది. సంతకం బొమ్మ పెద్ద ప్యాకెట్ల వరస కాబట్టి మధ్యలో విరుగుతోంది.

హెడ్డాఫీసు నెట్‌వర్క్ టీమ్‌కి ఫోన్ చేశాడు.

"లింక్ అప్‌లోనే ఉంది బాస్. వాడకం పది శాతం కూడా లేదు. అప్లికేషన్ వాళ్లని అడుగు."

"ఏదీ పూర్తిగా దిగకపోతే వాడకం ఎక్కణ్ణుంచి వస్తుందన్నా? వ్యాన్ పోర్టులో సీఆర్‌సీ ఎంతుందో చదువు."

రౌటర్‌లో బయటి లైను దిగే పోర్టుకి చెడి వచ్చిన ఫ్రేముల లెక్క అది. కీబోర్డు చప్పుడు. తర్వాత కాస్త నిశ్శబ్దం. "పద్నాలుగు వేలు."

"కౌంటర్ క్లియర్ చేసి రెండు నిమిషాలాగి చెప్పు."

"మూడొందల పన్నెండు" అన్నాడు అవతలాయన. ఈసారి అప్లికేషన్ ఊసెత్తలేదు.

యూపీఎస్ గదిలో ర్యాక్ తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. రౌటర్ మీద, దాని గాలి బయటికొచ్చే చోటే, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన రేకు డబ్బా పడుకుని ఉంది. దానిమీద పాత ఓచర్ల కట్ట. ఒకవైపు పసుపు ఫైబర్, మరోవైపు ఈథర్నెట్ ప్యాచ్ కార్డ్. ఫైబర్‌లోని కాంతిని రాగి తీగ సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్. లైట్లన్నీ పచ్చగా, బుద్ధిగా వెలుగుతున్నాయి. శ్రీధర్ వేలు ఆనించి వెంటనే తీసేశాడు.

ప్యాచ్ కార్డ్ మార్చాడు. ఎర్రర్లు ఆగలేదు. అప్పుడు మేనేజర్ గారి క్యాబిన్‌లోకి వెళ్లి, "సార్, ఒక్క నిమిషం లైను పీకేస్తాను" అన్నాడు.

"ఉన్నది కూడా పీకేస్తావా? బయట జనం చూడు!"

"పీకేస్తేనే బాగుపడుతుంది సార్. మెయిన్ లైను పడిపోతేనే 4జీ బ్యాకప్ ఎక్కుతుంది. ఇది పడదు, నడవదు. పూర్తిగా చచ్చి ఉంటే సోమవారమే అందరం బతికేవాళ్లం."

మేనేజర్ గారు లేచి కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. శ్రీధర్ లోపల వైరు లాగాడు. నిమిషం గడవకముందే మేడమ్ స్క్రీన్ మీద ఫొటో, దాని కింద సంతకం వచ్చాయి. క్యూలో ముందున్న పెద్దాయన తన ఫొటో తానే తొంగి చూసుకున్నాడు.

"సాఫ్ట్‌వేర్ ఏమైనా మార్చావా?" అని అడిగారు మేనేజర్ గారు.

"అదే సాఫ్ట్‌వేర్ సార్. దారి మారింది."

కౌంటర్లు బ్యాకప్ మీద నడుస్తుంటే మెయిన్ లైను ఖాళీగా దొరికింది. రౌటర్ పోర్టు మీద అనుమానం మిగలకుండా ల్యాప్‌టాప్‌నే కన్వర్టర్‌కి తగిలించి, రౌటర్ వ్యాన్ అడ్రస్ దానికిచ్చి పింగ్ కొట్టాడు. పెద్ద ప్యాకెట్లు అలాగే పోతున్నాయి. కన్వర్టర్ ఆపి, ఫ్యాన్ కింద పెట్టి, చల్లారాక మళ్లీ పెట్టాడు. ఒక్కటీ పోలేదు. పావుగంటకి ఒకటి, తర్వాత రెండు, తర్వాత వరసగా. అటెండరు చెప్పిన పదకొండు గంటల సంగతి స్క్రీన్ మీద కనబడింది.

లైను కంపెనీ కుర్రాడు మూడింటికి వచ్చాడు. ఫైబర్‌కి మీటర్ పెట్టి, కాంతి సరిపడా వస్తోందని చూపించాడు. "మా లైన్ బాగుంది సార్, సాఫ్ట్‌వేర్..." అనబోయి, శ్రీధర్ మొహం చూసి ఆగాడు. అతను తెచ్చిన కొత్త కన్వర్టర్ తగిలిస్తే ఫైబర్ లైటే వెలగలేదు. ఒకే పోగు ఫైబర్ మీద రెండు కొసలూ ఒకే రంగు కాంతితో మాట్లాడవు. ఒకటి 1310 నానోమీటర్లలో పంపితే రెండోది 1550లో పంపాలి. అతను తెచ్చింది అవతలి కొసకి పెట్టే రకం. గొణుక్కుంటూ బండి మీద వెళ్లి సరైన జోడీ తెచ్చేసరికి ఐదు దాటింది.

ఈలోగా శ్రీధర్ పాతదాని నాలుగు స్క్రూలు విప్పి చూశాడు. పవర్ దిగే చోట కరెంటుని నిలకడగా ఉంచే రెండు కెపాసిటర్లు. ఒకదాని తల చదునుగా ఉంది. రెండోది ఉబ్బి, మీద గీసిన గాటు దగ్గర గోధుమరంగు జిగురు కక్కింది.

కొత్తది పెట్టి, ఓచర్ల కట్ట తీసేసి, డబ్బాని రౌటర్ మీంచి పక్క అరలోకి మార్చాడు. వెయ్యి పెద్ద ప్యాకెట్లు పంపితే వెయ్యీ తిరిగొచ్చాయి. సీఆర్‌సీ సున్నా.

టికెట్ మూసే చోట కారణం ఎంచుకోమంది. జాబితాలో అప్లికేషన్, యూజర్, విద్యుత్, ఇతరములు. శ్రీధర్ 'ఇతరములు' నొక్కి, కింద ఆరు లైన్లు రాశాడు. తల తిప్పేసరికి కుర్రాడు పాత కన్వర్టర్‌కి స్క్రూలు బిగించి, తుడిచి బ్యాగులో వేసుకుంటున్నాడు.

"అదెందుకు తమ్ముడూ?"

"స్పేర్‌కి ఉంటుంది సార్. లైట్లన్నీ వెలుగుతున్నాయిగా."

శ్రీధర్ చెయ్యి చాపి దాన్ని తీసుకున్నాడు. జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి దాని పవర్ పిన్ను విరగ్గొట్టి తిరిగిచ్చాడు.

"ఇప్పుడు వెలగవు. పట్టుకెళ్లు."