విషయం: కొత్త వెబ్‌సైట్ అప్పగింత గడువు జూన్ 19కి మార్చమని అభ్యర్థన

నమస్కారం అండీ,

జూన్ 12న వెబ్‌సైట్ మీకు అప్పగించాల్సి ఉంది. దాన్ని 19వ తేదీ, శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మార్చడానికి మీ అనుమతి కోరుతున్నాను.

కారణం ఇదీ: మీ పాత ఆర్డర్ల డేటాను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించి పరీక్షిస్తే, ఒకే ఫోన్ నంబరుతో రెండు మూడు ఖాతాలున్న చోట ఒకరి ఆర్డర్లు మరొకరి ఖాతాలో కనిపిస్తున్నాయి. కస్టమర్ల చిరునామాలు అందులో ఉన్నాయి కాబట్టి, ఇలాగే లైవ్ చేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అలాంటి ఖాతాలన్నీ విడదీసి, మళ్లీ మొత్తం పరీక్షించడానికి ఈ అదనపు వారం కావాలి.

డిజైన్, పేమెంట్ పేజీలు సిద్ధం. వాటిని 12నే టెస్ట్ లింకులో చూడవచ్చు. ఖర్చులో మార్పు ఉండదు.

మీరు 12 తర్వాత ప్రకటనలేమైనా ఖరారు చేసుకుని ఉంటే వెంటనే చెప్పండి. ఆర్డర్ హిస్టరీ లేకుండా ముందుగా ప్రారంభించే వీలుంది. రేపటిలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.

కృతజ్ఞతలతో,
మీ వెబ్‌సైట్ ప్రాజెక్ట్ మేనేజర్