శ్రీకృష్ణ రాయబారం: ప్రదర్శనకు ముందు తల్లిదండ్రులకు పరిచయ ప్రసంగం

సభకు నమస్కారం. ప్రధానోపాధ్యాయుల వారికి, తోటి ఉపాధ్యాయులకు, చెన్నై నగరం నలుమూలల నుంచి ఈ సాయంత్రం తీరిక చేసుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మనవళ్ళ వేషాలు చూడటానికి వచ్చిన తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు హృదయపూర్వక స్వాగతం. మరికొద్ది నిమిషాల్లో మన పాఠశాల విద్యార్థులు మహాభారతం ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణ రాయబారాన్ని ప్రదర్శించబోతున్నారు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు మొత్తం 27 మంది పిల్లలు ఇందులో పాల్గొంటున్నారు. నాటకం యాభై నిమిషాలు సాగుతుంది. తెర లేచే లోపు, మీ పిల్లలు ఏ పాత్రలో కనిపిస్తారో, ఆ పాత్ర ఈ కథలో ఎందుకుందో నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు.

కథ ఎక్కడ మొదలవుతుందో ముందుగా మనవి చేస్తాను. మాయాజూదం ముగిసింది. పాండవులు పన్నెండేళ్ళ అరణ్యవాసాన్ని, విరాటరాజు కొలువులో ఒక ఏడాది అజ్ఞాతవాసాన్ని పూర్తి చేసి, ఉపప్లావ్యంలో ఉన్నారు. ఒప్పందం ప్రకారం రాజ్యం తిరిగి రావాలి, కానీ రాలేదు. ద్రుపదుని పురోహితుడు హస్తినాపురానికి వెళ్ళి వచ్చాడు, అటు నుంచి సంజయుడు వచ్చి వెళ్ళాడు, మాటలు నడిచాయే గాని పని జరగలేదు. ధర్మరాజు చివరకు అర్ధరాజ్యం కూడా వదులుకుని, మా ఐదుగురికీ ఐదు ఊళ్ళిచ్చినా చాలునని కబురు పంపాడు. నాలుగు ఊళ్ళ పేర్లు తానే చెప్పి, ఐదోది మీకు తోచినది ఇవ్వండన్నాడు. ఆ తరువాత, యుద్ధాన్ని ఆపడానికి ఆఖరి ప్రయత్నంగా కృష్ణుడు తానే బయలుదేరుతున్నాడు. మన తెర లేచేది అక్కడే.

ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి నెల్లూరివాడు. ఇక్కడ పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు చేరగలిగే ఊరు అది. పదమూడవ శతాబ్దంలో పెన్న ఒడ్డున పుట్టిన పద్యాలు నేడు మన పిల్లల నోట వినబోతున్నాం. వీరిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, తెలుగు అక్షరాలు ఈ మధ్యనే నేర్చుకున్నారు. అందువల్ల సంభాషణలను నేటి తెలుగులోనే రాసి, మూడు సందర్భాల్లో మాత్రం తిక్కన పద్యాలను ఉన్నవి ఉన్నట్టుగా ఉంచాం. వాటిని పిల్లలు అర్థం తెలుసుకున్న తరువాతే కంఠస్థం చేశారు.

ఇక పాత్రల విషయానికి వస్తాను. కృష్ణుడు అనగానే మనకు వేణువు, వెన్న గుర్తుకు వస్తాయి. ఈ నాటకంలో కృష్ణుని చేతిలో వేణువు లేదు, చక్రం కూడా లేదు. ఆయన ఇక్కడ దూత. తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామిని దర్శించిన వారికి గుర్తుండే ఉంటుంది, గర్భాలయంలోని మూలమూర్తికి నిండైన మీసం ఉంటుంది, చేతిలో శంఖం ఉంటుంది గాని చక్రం ఉండదు. యుద్ధంలో ఆయుధం పట్టనన్న మాటకు గుర్తు అది. మా కృష్ణునికి కూడా మీసం పెట్టాం. దయచేసి దీన్ని అలంకరణలో జరిగిన పొరపాటుగా భావించవద్దు. అదే సన్నిధిలో స్వామితో పాటు కొలువున్న సాత్యకి ఈ రాయబారంలో కూడా ఆయన వెంటే ఉంటాడు. కృష్ణుణ్ణి బంధించాలని దుర్యోధనుడు చేసిన పన్నాగాన్ని పసిగట్టి ఆయన చెవిన వేసేది సాత్యకే.

కృష్ణుడు హస్తినలో దిగగానే దుర్యోధనుడు విందుకు పిలుస్తాడు. కృష్ణుడు కాదంటాడు. ఒకరింట భోజనం చేయాలంటే వారికి మన మీద ప్రేమ ఉండాలి, లేదా మనం ఆపదలో ఉండాలి. నీకు నా మీద ప్రేమ లేదు, నేను ఆపదలోనూ లేను అని చెప్పి, విదురుని ఇంటికి వెళ్ళి భోంచేస్తాడు. ఆ సన్నివేశాన్ని సాధన చేసేటప్పుడు మా కృష్ణుడు మొదట కోపంగా చెప్పేవాడు. ఇందులో కోపం లేదు, చిన్న బాధ మాత్రమే ఉందని తానే గ్రహించి స్వరం మార్చుకున్నాడు.

బయలుదేరే ముందు కృష్ణుడు పాండవులలో ఒక్కొక్కరి అభిప్రాయమూ అడుగుతాడు. మీకు ఆశ్చర్యం కలిగించేది భీముని మాట. గదాధారి అయిన భీముడు, సంధి కుదిరితే మంచిదని మెత్తగా పలుకుతాడు. అప్పుడు ద్రౌపది లేస్తుంది. దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన తన జుట్టును చేతిలోకి తీసుకుని, సంధి మాటలు మాట్లాడే ప్రతిసారీ ఈ జుట్టును గుర్తుంచుకోమని కృష్ణుని కోరుతుంది. ద్రౌపది పట్టుదల వల్లనే యుద్ధం వచ్చిందని కొందరు అంటూ ఉంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. నిండు సభలో తాను అడిగిన ప్రశ్నకు ఆనాడు ఎవరూ జవాబు చెప్పలేదు. పదమూడేళ్ళ తరువాత ఆ ప్రశ్నను మళ్ళీ అడగడం ఆమె హక్కు. ఎనిమిదో తరగతి చదివే మా ద్రౌపది ఈ సన్నివేశంలో ఏడవదు. ఏడవకుండా చెప్పాలన్నది ఆ అమ్మాయి నిర్ణయమే, అది సరైనదని నాకు తోచింది.

దుర్యోధనుడు అంటే పెద్ద గొంతు, మెలితిప్పిన మీసం అనుకోవద్దని కోరుతున్నాను. తాను తప్పు చేశానని అతడు నిజంగానే అనుకోడు. నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు పెద్దలు తెలియకో భయపడో వాళ్ళకు రాజ్యం ఇచ్చారు, నా ఊపిరి ఉండగా సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వను అంటాడు. అతని వాదన అతనికి న్యాయంగానే కనిపిస్తుంది. తండ్రి చెప్పినా, తల్లి గాంధారిని సభకు పిలిపించి చెప్పించినా వినక లేచిపోతాడు. గాంధారి సభకు వచ్చినప్పుడు ముందుగా కొడుకును కాదు, భర్తనే నిలదీస్తుంది: వాడు ఎలాంటివాడో తెలిసి కూడా మమకారం కొద్దీ వాడి వెంట నడిచింది మీరేనని ధృతరాష్ట్రుని ముఖం మీదే అంటుంది. కళ్ళకు గంతలు కట్టుకున్న ఆమె ఆ మాట అనడాన్ని తల్లిదండ్రులుగా మీరు శ్రద్ధగా వినాలని నా విన్నపం.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ముఖ్యమైనవిగా తోచే పాత్రల గురించి చెబుతాను. సభలో సింహాసనానికి ఇరువైపులా తెల్ల గడ్డాలతో భీష్ముడు, ద్రోణుడు, కృపాచార్యుడు కూర్చుంటారు. భీష్మునికి ఐదు వాక్యాలున్నాయి, ద్రోణునికి మూడు, కృపాచార్యునికి ఒక్కటీ లేదు. భీష్ముని వేషం వేస్తున్న అబ్బాయి మొదటి వారంలో నా దగ్గరకు వచ్చి, ఇంత గొప్పవాడికి ఇన్ని తక్కువ మాటలేమిటని అడిగాడు. భారతంలో ఆయన సంధి చేసుకోమని చెప్పిన మాట నిజమే. కానీ ఆ మాట చెల్లనప్పుడు లేచి అడ్డుపడలేదు. ద్రౌపదిని సభకు ఈడ్చుకు వచ్చిన రోజున ధర్మం సూక్ష్మమైనదని చెప్పి ఊరుకున్నవాడే నేడూ కూర్చుని ఉన్నాడు. ధర్మాన్ని పాపమూ, సత్యాన్ని అబద్ధమూ ముంచేస్తుంటే, ఆపగల శక్తి ఉండి కూడా చూస్తూ ఊరుకుంటే ఆ చేటు వారికే చుట్టుకుంటుందని కృష్ణుడు సభలో చదివే పద్యం దుర్యోధనుని ఉద్దేశించినది కాదు, ఈ పెద్దలను ఉద్దేశించినది. కులం కోసం ఒకణ్ణి వదులుకోవచ్చునని చెప్పి, దుర్యోధనుణ్ణి, కర్ణ శకుని దుశ్శాసనులను బంధించి అప్పగించమని కూడా ఆయన వారినే అడుగుతాడు. వారు కదలరు. అందుకే పద్యం నడుస్తున్నంతసేపు కృష్ణుణ్ణి ఎలాగూ చూస్తారు, ఒక్కసారి భీష్ముని వేళ్ళ వైపు కూడా చూడండి. ఆ అబ్బాయి ఆసనం పట్టె మీద చేతిని ఎలా బిగిస్తాడో, పద్యం ముగిసేసరికి ఎలా వదిలేస్తాడో గమనించండి. ఇది మేము నేర్పినది కాదు.

విదురుడు ఒక్కడే దాచకుండా చెబుతాడు, కానీ అతని మాటకు ఆ కొలువులో బలం లేదు. శకుని, దుశ్శాసనులు మీకు తెలిసినవారే.

విశ్వరూప సన్నివేశంలో మేము తెర మీద బొమ్మలు వేయలేదు, యంత్రాలు వాడలేదు. ఆరో తరగతి పిల్లలు తొమ్మిది మంది కృష్ణుని వెనుక నిలబడి చేతులు విప్పుతారు, మృదంగం మోగుతుంది, అంతే. కాంచీపురంలో పాండవదూత పెరుమాళ్ కోవెల ఉంది. అక్కడ దూతగా వచ్చిన స్వామి దాదాపు 25 అడుగుల ఎత్తున కూర్చుని ఉంటాడు. మన పక్కింటి తమిళులు ‘తూదు’ అని పిలుచుకునే ఘట్టం ఇదే. ఊళ్ళలో ద్రౌపదమ్మ తిరునాళ్ళలో తెరుక్కూత్తు కళాకారులు భారత కథలను రాత్రంతా ఆడతారు. సెలవుల్లో పిల్లలను కాంచీపురం తీసుకువెళ్ళి, నువ్వు ఈయన భుజాల వెనుక చేతివి అని చూపించండి, వారికి అది జీవితాంతం గుర్తుంటుంది.

చివరి రెండు రంగాలు కర్ణునివి. కర్ణుడు కవచకుండలాలు లేకుండా వస్తాడు. ఇది కూడా మరచిపోవడం వల్ల కాదు. ఇంద్రుడు అడిగితే అప్పటికే కోసి ఇచ్చేశాడు. తిరిగి వెళుతూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం మీద ఎక్కించుకుని అతని జన్మరహస్యం చెబుతాడు: నువ్వు కుంతి పెద్ద కొడుకువి, రాజ్యం నీది, తమ్ముళ్ళు నీ కాళ్ళు మొక్కుతారు. కర్ణుడు పొంగిపోడు. తనను చూడగానే పాలు చేపిన రాధను, పేరు పెట్టి పెంచిన అధిరథుణ్ణి, తనను నమ్మి యుద్ధానికి దిగిన దుర్యోధనుణ్ణి వదిలి రాలేనంటాడు. పైగా, ఈ సంగతి ధర్మరాజుకు చెప్పవద్దని వేడుకుంటాడు. తెలిస్తే అతడు రాజ్యం నాకిస్తాడు, నేను దాన్ని దుర్యోధనునికి ఇచ్చేస్తాను, అలా జరగకూడదు అంటాడు. ఎటువైపు ధర్మం ఉందో తెలిసి, రెండోవైపు నిలబడినవాని మాట అది.

ఆ తరువాత గంగ ఒడ్డున కుంతి వస్తుంది. కొడుకులు అడవులలో ఉన్నన్నాళ్ళూ ఆమె విదురుని ఇంటనే ఉంది. సూర్యునికి ఎదురుగా నిలిచి జపం చేస్తున్న కర్ణుని వెనుక, అతని ఉత్తరీయం నీడలో, జపం ముగిసే వరకు ఎండలో వాడిన తామరదండలా నిలుచుంటుంది. ఇక్కడ ఒక నిమిషం పైగా రంగస్థలం మీద మాట ఉండదు. పిల్లలు వాక్యం మరచిపోయారని అనుకోవద్దు, చప్పట్లు కొట్టవద్దు, దయచేసి ఆ నిశ్శబ్దాన్ని కాపాడండి. అర్జునుణ్ణి తప్ప తక్కిన నలుగురినీ చంపను, ఎటు చూసినా నీకు ఐదుగురు కొడుకులు మిగులుతారు అని కర్ణుడు ఇచ్చే మాటతో మా నాటకం ముగుస్తుంది. యుద్ధాన్ని మేము చూపించడం లేదు.

మాటలు లేని పాత్రలు వేస్తున్న పద్నాలుగు మంది పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ అబ్బాయి సభలో బల్లెం పట్టుకుని నిలుచున్న భటుడే కావచ్చు, మీ అమ్మాయి ద్రౌపది పక్కన నిలిచిన చెలికత్తె కావచ్చు. కృష్ణుణ్ణి బంధించమన్న ఆజ్ఞ వినబడినప్పుడు ఆ భటుల ముఖాలే ప్రేక్షకులకు భయాన్ని చేరవేస్తాయి. ఆరు వారాలుగా సాయంత్రాలు ఆలస్యంగా ఇంటికి వచ్చిన ఆ పిల్లల కోసం మీరు ఎదురుచూసినందుకు, పాత పట్టుచీరలు, అంచు పంచెలు వేషాలకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

చరవాణులను నిశ్శబ్దంలో ఉంచండి, వెలుగు పిల్లల కళ్ళలో పడకుండా ఫొటోలు చివరలో తీసుకోండి. రెండో గంట మోగింది. ఉపప్లావ్యంలో ధర్మరాజు కొలువు సిద్ధంగా ఉంది.