కృతజ్ఞతలు

"గోదావరి మధ్య డెల్టా కాలువ సేద్యపు పదజాలం" అనే ఈ సిద్ధాంత వ్యాసానికి పర్యవేక్షకులై, నన్ను చేయిపట్టి నడిపించిన గురువుగారికి ముందుగా నమస్కరిస్తున్నాను. తొలి ఏడాది నిఘంటువులు ముందేసుకుని రాసిన అధ్యాయం చదివి, "పదాలన్నీ ఉన్నాయి, నీళ్లే లేవు. బొబ్బర్లంక దగ్గర మొదలుపెట్టి గట్టు వెంట నడిచి రా నాయనా" అన్నారు. ఆ రోజు మనసు చివుక్కుమంది. కానీ ఈ పరిశోధన మొదలైంది ఆ గట్టు మీదే. కాలువనూ బోదెనూ పర్యాయపదాలుగా రాసిన ప్రతిసారీ ఎర్రసిరాతో విడదీసి, రైతు దేనిని ఏమంటాడో మళ్లీ వెళ్లి కనుక్కోమన్నారు. ఆ ఓపికకు ఎంతో రుణపడి ఉన్నాను.

జూనియర్, ఆపై సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ ఇచ్చిన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) కృతజ్ఞుణ్ణి. ఆ ఆసరా లేకపోతే ఇంటికి పెద్దకొడుకుగా నేను చదువు ఆపి ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చేది. అడిగిన పాత పుస్తకమల్లా వెతికిచ్చిన రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం సిబ్బందికి, నా ముసాయిదాలు చదివిన తోటి పరిశోధకులకు ధన్యవాదాలు.

ఈ పదాలు నావి కావు. లస్కర్లవి, కౌలు రైతులవి, ఊడ్పు కూలీలవి. లొల్ల లాకుల దగ్గర పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, తూము తలుపు బెత్తెడెత్తితే నీరెంత దూరం పోతుందో, జానెడెత్తితే ఎక్కడ గట్టు తెగుతుందో మూడు వేసవులు కూర్చోబెట్టి చెప్పారు. "పుస్తకం అయ్యాక చదివి వినిపించు బాబూ" అన్నారు. కిందటి సంక్రాంతికి ముందే ఆయన వెళ్లిపోయారు. నాలుగో అధ్యాయం వాళ్లింటి అరుగు మీద ఆయన భార్యకు చదివి వినిపించాను. దానిని ఆయన స్మృతికే సమర్పిస్తున్నాను.

కాట్రేనికోన దగ్గర శివారు భూమి కౌలుకు చేసిన మా నాన్నగారి నోట చిన్నప్పుడే విన్న మాట, "శివారోడికి నీళ్లు చివర, ముంపు ముందర." ఈ వ్యాసమంతా ఆ ఒక్క వాక్యానికి వివరణే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సార్వాలో మా చేను కూడా బీడు పడింది. అయినా అమ్మ కొబ్బరి పీచు తాళ్లు పేని నా ఫీజు కట్టింది, నా చదువు ఆగనివ్వలేదు. అమ్మకు ధన్యవాదాలంటే చిన్న మాటవుతుంది.

నా భార్యది మెట్ట ప్రాంతం. "వంతు అంటే ఏమిటి, దమ్ము అంటే ఏమిటి" అని తను అడిగిన ప్రతి ప్రశ్నా ఇందులో ఒక నిర్వచనమైంది. సెలవుల్లేకుండా గడిచిన ఈ ఏళ్లలో పాపను, ఇంటిని, నన్ను కూడా తనే చూసుకుంది.

సమర్పణకు ముందు నాన్న పదసూచిక మొత్తం చదివించుకుని విని, రెండు అర్థాలు తప్పన్నారు. 214వ పుటలో ఆ రెండూ ఇప్పుడు ఆయన చెప్పినట్టే ఉన్నాయి.