విషయం: హోటళ్లకు గుంటూరు కారం – నెలంతా ఒకటే రేటు, వారానికి రెండు డెలివరీలు

విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తెనాలి హోటల్, రెస్టారెంట్ యజమానులకు నమస్కారం.

నా పేరు శ్రీనివాసరావు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర్లో మాకు కారం మిల్లు ఉంది. పద్నాలుగేళ్లుగా ఎక్కువగా హోటళ్లకే వేస్తున్నాం.

వంటమాస్టర్లు మా దగ్గర కూర్చుంటే రేటు గురించి పెద్దగా మాట్లాడరు. "పోయిన బస్తాకి రెండు గరిటెలు వేస్తే సరిపోయింది, ఈ బస్తాకి మూడు వేసినా ఎక్కట్లేదు" అంటారు. చేపల పులుసు రుచి మారిందని కస్టమర్ అంటే మాట పడేది మాస్టరే. తప్పు మాత్రం బస్తాలో ఉంటుంది.

బస్తా ఎందుకు మారుతుందంటే, యార్డులో ఏరోజుకారోజు చౌకగా దొరికిన కాయ కొని ఆడించేస్తారు. రేటు కలిసిరావాలని తాలు కాయ కలుపుతారు. తాలు పడితే ఘాటు తగ్గుతుంది, రంగు వెలిసినట్టవుతుంది. ఆ వెలితి కనపడకుండా రంగు కలిపేవాళ్లూ ఉన్నారు. గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లి చూడండి. రంగు కలిపిందైతే ఎర్రటి చారలు కిందికి దిగుతాయి. మా కారంతో కూడా ఈ పరీక్ష చేసి చూశాకే ఆర్డరివ్వండి.

మేం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయ వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాం. అందుకే యార్డుకి వేసవి సెలవులిచ్చినా, రేటు ఎగిసినా మీ బస్తా ఆగదు. తొడిమ తీసి, తాలు ఏరి, ఎండబెట్టాకే మరకి పంపుతాం. మర వేడెక్కితే రంగు మాడుతుంది, వాసన పోతుంది. కాబట్టి గంటకోసారి ఆపి చల్లారనిస్తాం. దీనివల్ల రోజుకి తయారయ్యే సరుకు తగ్గుతుంది, ఫర్వాలేదు.

మూడు రకాలున్నాయి. పులుసులు, వేపుళ్లు, పచ్చళ్లకు ఘాటు కావాలంటే తేజ. గ్రేవీలకు, బిర్యానీకి రంగు కావాలి, నోరు మండకూడదు అనుకుంటే బ్యాడిగి. రెండింటికీ ఒకే డబ్బా వాడే చిన్న హోటళ్లకు 334 కాయలో బ్యాడిగి కలిపిన మిక్స్ ఉంది. నన్నడిగితే నెలకి యాభై కిలోలు దాటి వాడేవాళ్లు మిక్స్ జోలికి పోకుండా తేజ, బ్యాడిగి విడివిడిగా తీసుకుని మాస్టర్‌కి వదిలేయడమే మేలు.

జూలై నెల రేట్లు, 25 కిలోల బస్తాలో, కిలోకి: తేజ 245 రూపాయలు, మిక్స్ 270, బ్యాడిగి 330. నెలకి 100 కిలోలు దాటితే కిలోకి 9 రూపాయలు, 300 దాటితే 17 రూపాయలు తగ్గిస్తాం. మూడు రకాలూ కలిపే లెక్క కడతాం. జీఎస్టీ 5 శాతం అదనం, రవాణా మాదే. ఒకటో తారీఖున చెప్పిన రేటు ముప్పయ్యొకటో తారీఖు దాకా మారదు, యార్డులో ఏం జరిగినా సరే.

మా వ్యాను మంగళవారం, శుక్రవారం తిరుగుతుంది. ముందురోజు సాయంత్రం ఆరింటిలోపు చెబితే, మర్నాడు మధ్యాహ్నం భోజనాల రద్దీ మొదలవకముందే, పదకొండులోపు మీ వంటింటి గుమ్మం దగ్గర దింపుతాం. మధ్యలో అర్జంటైతే ఒక్క బస్తా అయినా బండి మీద పంపుతాం, దానికి నూట యాభై రూపాయలు తీసుకుంటాం.

పోయిన ఆగస్టులో మా వల్లా ఒక పొరపాటు జరిగింది. ముసురు రోజుల్లో ఆడించిన ఒక లాటులో తేమ మిగిలి, విజయవాడలో ఓ హోటల్లో కారం ఉండలు కట్టింది. ఆరు బస్తాలూ వెనక్కి తెచ్చుకుని, ఆ సాయంత్రానికే వేరే లాటు ఇచ్చాం. అప్పటినుంచి ప్రతి లాటుకీ తేమ కొలిచి, పది శాతం లోపుంటేనే బస్తా కుడుతున్నాం. లాటు నంబరు, ఆడించిన తేదీ బస్తా మీదే ఉంటాయి. తెరిచాక నచ్చకపోయినా మూడు రోజుల్లోపు చెబితే మిగిలింది తీసుకెళ్లి, ఆ మేరకు బిల్లులో తగ్గిస్తాం.

మొదటి మూడు ఆర్డర్లకు సరుకు దిగగానే డబ్బులివ్వాలి. తర్వాత పదిహేను రోజుల ఖాతా.

మీ హోటల్ ఉన్న వీధి, నెలకి సుమారుగా వాడకం రాసి ఈ మెయిల్‌కే జవాబివ్వండి. వచ్చే శుక్రవారం వ్యానులో తేజ, బ్యాడిగి అరకిలో చొప్పున ఉచితంగా పంపుతాను. మాస్టర్‌గారిని ఓ పూట పులుసులో వేసి చూడమనండి. ఎలా ఉందో ఆయనే ఫోన్లో చెబితే నాకు ఇంకా సంతోషం.

ఇట్లు,
శ్రీనివాసరావు
కారం మిల్లు, గుంటూరు