ఆదివారం టెస్ట్ డ్రైవ్: పటమట నుంచి మంగళగిరి, బ్యారేజీ మీదుగా వెనక్కి

వంశీ,

ఆదివారం నాకు డ్యూటీ పడింది, మనం కొందామనుకుంటున్న సెకండ్‌హ్యాండ్ డీజిల్ స్విఫ్ట్ చూడడానికి నీతో రాలేను. అందుకే మొత్తం రాసి పంపిస్తున్నాను. శనివారం రాత్రికే గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో పడుకో. పొద్దున 6:15కి పటమటలో అమ్మేవాళ్ల అపార్ట్‌మెంట్ దగ్గర ఉండాలి. ఆటోనగర్ మెకానిక్ మస్తాన్ గారు అక్కడికే వస్తానన్నారు. ఆయన పక్క సీట్లో కూర్చుంటారు, బండి నువ్వే నడుపు. అమ్మేవాళ్లను వెనక కూర్చోమను.

శనివారం సాయంత్రం వాళ్లకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." అన్నిటికంటే ముఖ్యం ఇదే. నేను పాత బండి కొన్నప్పుడు సాయంత్రం 5 గంటలకు చూడడానికి వెళ్లాను. అమ్మే ఆయన అప్పటికే ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి ఉంచాడు. లోపల చల్లగా ఉందని సంతోషపడి, వీధి చుట్టూ ఒక రౌండ్ తిప్పి అడ్వాన్స్ ఇచ్చేశాను. మర్నాడు పొద్దున నాలుగుసార్లు తాళం తిప్పితే గానీ ఇంజిన్ అందుకోలేదు, వీధంతా తెల్లపొగ. ఇంజెక్టర్లకు 38 వేలు పెట్టాను. వేడెక్కిన ఇంజిన్ చాలా జబ్బుల్ని దాచేస్తుంది. బెజవాడలో చలి లేకపోయినా పర్వాలేదు, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ కావాలి మనకు.

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. బండి సెల్లార్‌లో ఉంటుంది కాబట్టి ఎండకు వేడెక్కిందనే మాట ఉండదు. వెచ్చగా ఉంటే మస్తాన్ గారికి చెప్పి, ఆ రోజుకు వచ్చేసి ఇంకో పొద్దున వెళ్లు. మొహమాటపడకు.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి ఆయిల్ డిప్‌స్టిక్, కూలెంట్ చూడండి. కూలెంట్ డబ్బాలో ఆయిల్ జిడ్డు తేలినా, ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తరక ఉన్నా బండి వదిలేయొచ్చు. మూతలన్నీ ఇప్పుడే తీయాలి. తిరిగొచ్చాక వేడి మీద కూలెంట్ మూత తీయొద్దు, మరుగుతున్న నీళ్లు మొహం మీదికి కొడతాయి.

తర్వాత తాళం సగం తిప్పి ఆగు. డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలగాలి. అసలు వెలగని లైటుంటే దాన్ని ఎవరో తీసేసి ఉండొచ్చు. ఇది డీజిల్ కాబట్టి తీగచుట్టలా ఉండే నారింజ రంగు లైటు ఆరాక స్టార్ట్ చెయ్యి. యాక్సిలరేటర్ తొక్కొద్దు, తొక్కకుండానే అందుకోవాలి. ఆ మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడొద్దని ముందే చెప్పు. 2017 మోడల్ డీజిల్ స్విఫ్ట్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది. చైన్ వదులైతే చల్లని స్టార్ట్‌లో ఇనప గొలుసు రేకు మీద కొట్టినట్టు గలగలమంటుంది, కొన్ని సెకన్లకు ఆగిపోతుంది. బండి వేడెక్కాక ఆ శబ్దం వినిపించకపోవచ్చు, అందుకే ఫోన్‌లో రికార్డు పెట్టుకో. పొగ చూడడానికి మస్తాన్ గారు వెనక నిలబడతారు. కాసేపు లేతగా వచ్చి పోతే పర్వాలేదు. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నా బండి కథే, లేదంటే కూలెంట్ లోపలికి పోతోంది.

సెల్లార్ ర్యాంపు మీదే హ్యాండ్‌బ్రేక్ చూడు. సగంలో ఆపి, బ్రేక్ వేసి పెడలు వదులు, వెనక్కి జారకూడదు. అక్కడి నుంచే మెల్లగా క్లచ్ వదిలి ఎక్కించు. బండి వణికితే రాసుకో.

మొదట పటమట సందుల్లో 15 నిమిషాలు తిప్పు. అద్దాలన్నీ దించు, ఏసీ, పాటలు ఆపెయ్యి. కాంపౌండు గోడ పక్కన వెళ్తే చక్రాల శబ్దం గోడకు తగిలి మన చెవికి వస్తుంది. స్పీడ్ బ్రేకర్లు ఒకటి నిటారుగా, ఒకటి ఏటవాలుగా దాటు. 'టక్' మంటే బుష్‌లో, లింకులో అరిగి ఉంటాయి. ఖాళీ చోటు దొరికితే స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా గుండ్రంగా తిరుగు, తర్వాత రెండో వైపు. టకటకమంటూ వరసగా వస్తే యాక్సిల్ జాయింటు పోయినట్టే.

అక్కడి నుంచి బెంజ్ సర్కిల్, వారధి, హైవే మీద మంగళగిరి. వారధి మీద జాయింట్లు దాటినప్పుడు ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి శబ్దం మామూలే. దాని తర్వాత ఇంకో 'ధన్' వస్తే అది బండిది. హైవేలో వెనక ఎవరూ లేనప్పుడు నాలుగో గేరులో 50 దగ్గర గట్టిగా తొక్కు. ఇంజిన్ అరుపు పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. 80 దగ్గర గుయ్‌మని మోత వస్తే, క్లచ్ తొక్కి చూడు. అప్పటికీ మోత తగ్గకపోతే చక్రం వైపుది. మలుపులో ఒకవైపు పెరిగి, ఇంకోవైపు తగ్గితే బేరింగ్ అనుకోవచ్చు. అన్ని వేళలా ఒకేలా ఉంటే టైర్లది కూడా కావచ్చు, అది మస్తాన్ గారు తేలుస్తారు. కాజ టోల్ దాకా వెళ్లొద్దు, మంగళగిరిలోనే తిప్పుకో. సర్వీస్ రోడ్డు ఖాళీగా ఉంటే వెనక చూసుకుని ఒకసారి బలంగా బ్రేకు వెయ్యి. బండి పక్కకు లాగకూడదు. ఏబీఎస్ పనిచేస్తే పెడలు కొట్టుకోవడం మామూలే, మెల్లగా బ్రేకు వేసినప్పుడు మాత్రం కొట్టుకోకూడదు.

తిరుగుదారి తాడేపల్లి, ఉండవల్లి, ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ ఎక్కకముందే ఏసీ ఫుల్‌గా పెట్టు. నిదానంగా, ఆగి ఆగి వెళ్తున్నప్పుడు టెంపరేచర్ పెరుగుతుందేమో చూడు. ఏప్రిల్ ఎండలో బందరు రోడ్డు సిగ్నళ్ల దగ్గర ఆగే బండి మనది, ఈ పరీక్ష వదలొద్దు.

సెల్లార్‌కు తిరిగొచ్చాక ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చెయ్యి. కొన్ని బండ్లు పొద్దున బాగానే అందుకుని, వేడి మీద మొండికేస్తాయి. కింద చుక్కలు చూడు, ఏసీ నీళ్లయితే తేటగా ఉంటాయి.

ఇంకో విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. అప్పుడు ఈ బండి ఎక్కడుందో అడుగు. సీట్ బెల్టులు చివరిదాకా లాగి మట్టి మరక ఉందేమో చూడు, సీటు కింద బోల్టుల తుప్పు చూడు, కార్పెట్ ఎత్తి వాసన చూడు.

ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఎం పరివాహన్ యాప్‌లో శనివారమే చూసుకో. ఇన్సూరెన్స్ లేకపోతే బండి రోడ్డెక్కించొద్దు. నీ లైసెన్స్ మర్చిపోకు.

అక్కడ ధర మాట ఎత్తొద్దు, సాయంత్రం ఫోన్ చేస్తామని చెప్పి వచ్చేయ్. రికార్డు చేసిన శబ్దాలు నాకు పంపు. నాకు 2 గంటలకు డ్యూటీ అయిపోతుంది, మస్తాన్ గారితో నేనే మాట్లాడతాను.

అక్క