డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలకు ఆయుష్మాన్ వయ వందన కార్డు: ఎవరు అర్హులు?

(గ్రామసభలో చదివి వినిపించేందుకు ఆరోగ్య ఉపకేంద్రం సిద్ధం చేసిన వివరణ)

సభకు వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఖర్చు భరించే ఈ కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. దీనికి మీరు అర్హులో కాదో తేల్చేది ఒక్కటే: మీ వయసు. ఆధార్ కార్డు ప్రకారం 70 ఏళ్లు నిండి ఉంటే చాలు.

తెల్ల రేషన్ కార్డు లేదనీ, పొలం ఉందనీ, కొడుకు ఉద్యోగం చేస్తున్నాడనీ చాలామంది వెనకడుగు వేస్తున్నారు. ఈ కార్డుకు ఆదాయంతో గానీ ఆస్తితో గానీ సంబంధం లేదు కాబట్టి, ఆ కారణాలతో ఎవరూ ఆగిపోవద్దని మనవి. ఇప్పటికే బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు కూడా అర్హులే. పాత జబ్బుకు వైద్యం కోసం కొన్నాళ్లు ఆగాలన్న షరతు లేదు.

వయసు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మీకు నిజంగా 73 ఏళ్లు ఉన్నా, ఆధార్‌లో 68 అని పడి ఉంటే కార్డు రాదు. అలాంటివారు తగిన రుజువుతో ముందుగా ఆధార్ కేంద్రంలో పుట్టిన తేదీ సరిచేయించుకోవాలి.

ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే ఇద్దరూ కార్డు తీసుకోవచ్చు, కానీ ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. మీ కుటుంబానికి ఇదివరకే ఆయుష్మాన్ భారత్ వర్తిస్తూ ఉంటే, పెద్దల కోసం ఇచ్చే ఈ మొత్తం దానికి అదనం. చిన్నవారి వైద్యానికి ఇందులోంచి తీయరు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, మాజీ సైనికులకు ఉన్న ఆరోగ్య పథకాల్లో చేరినవారు ఆ పథకమో ఈ కార్డో ఒకటే ఎంచుకోవాలి, కాబట్టి ఇంట్లోవారితో మాట్లాడి నిర్ణయించుకోండి. సొంత డబ్బుతో బీమా కట్టుకున్నవారికీ, ఈఎస్ఐ ఉన్నవారికీ ఆ ఇబ్బంది లేదు, రెండూ ఉంచుకోవచ్చు.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. జ్వరానికి డాక్టరుకు చూపించుకుని మందులు కొనుక్కుంటే ఈ కార్డు పనిచేయదు. పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేరినప్పుడే పనిచేస్తుంది, అందువల్ల చేరేముందే అక్కడ అడిగి తెలుసుకోండి. సందేహం ఉంటే 14555 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వచ్చే గురువారం ఉదయం పంచాయతీ కార్యాలయంలో ఆశా కార్యకర్త కార్డులు నమోదు చేస్తారు. ఆధార్ కార్డు, దానికి జతచేసిన ఫోన్ తెచ్చుకోండి. పొలం పనులతో అరిగిపోయి వేలిముద్రలు పడకపోతే దిగులు పడవద్దు, ఫోన్‌కు వచ్చే అంకెలతో గానీ ముఖం చూపించి గానీ నమోదు చేయవచ్చు. దీనికి డబ్బు కట్టనక్కర లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. మంచం మీద ఉన్నవారి పేర్లు ఈరోజే మాకు చెబితే, మేమే ఇంటికి వచ్చి నమోదు చేస్తాము.