ఏప్రిల్ 1 నుంచి కాఫీ ధర పెరుగుతోంది: రోజూ వచ్చే మీకు ఒక ఉత్తరం

విశాఖపట్నం
2025 మార్చి 12

మన కేఫ్‌కి రోజూ వచ్చే అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఉగాది దాటాక, ఏప్రిల్ 1 నుంచి ఫిల్టర్ కాఫీ 30 నుంచి 35 రూపాయలు అవుతుంది. కాపుచినో 110 నుంచి 115, బ్లాక్ కాఫీ 90 నుంచి 95, కోల్డ్ కాఫీ 130 నుంచి 135. ఇంటికి తీసుకెళ్ళే పావు కిలో పొడి ప్యాకెట్ 260 నుంచి 345కి వెళ్తుంది. టీ, లెమన్ టీ, ఉప్మా, బన్ మస్కా రేట్లు మారవు. పెరిగింది కాఫీ గింజ ధర కాబట్టి ఆ భారం ఉప్మా మీద వేయడం నాకు ఇష్టం లేదు. కొన్నాళ్ళు టీకి మారదామనుకునేవాళ్ళు నిస్సంకోచంగా మారండి, నేనేమీ అనుకోను.

ఇక కారణం. మనం కొనేది వేయించని పచ్చి గింజలు. పాడేరు, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పండే అరబికా. కోత నవంబరులో మొదలై సంక్రాంతి చుట్టుపక్కల దాకా సాగుతుంది. ఆ తర్వాత నేను ఏడాదికి సరిపడా సరుకు మాట్లాడుకుంటాను. పోయిన పంటప్పుడు కిలో పచ్చి గింజలు నాకు 420 రూపాయలకు వచ్చాయి. ఈసారి అదే రకం 710. డిసెంబరు నుంచే పేపర్లలో కాఫీ ధరల వార్తలు వస్తుంటే మన దగ్గర ఎందుకు పెంచలేదని కొందరు అడిగారు. పాత ధరకు కొన్న గింజలు మిగిలి ఉన్నాయి కాబట్టే. ఈ నెలాఖరుతో ఆ బస్తాలు అయిపోతాయి.

అరకులో వానలు బాగానే పడ్డాయి కదా, ధర ఎందుకు పెరిగిందని మీరు అడగొచ్చు. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. కాబట్టి పాడేరులో బస్తా ధర తేలేది న్యూయార్క్ మార్కెట్ రేటును బట్టి. ప్రపంచంలో మూడో వంతుకు పైగా కాఫీ పండించే బ్రెజిల్‌లో 2024లో వానలు మొహం చాటేశాయి. రోబస్టా రకం కాఫీ ఎక్కువగా పండే వియత్నాంలోనూ అదే ఏడాది ఎండలు మండాయి. పైగా అక్కడి రైతులు కొందరు కాఫీ తీసేసి, ఎక్కువ డబ్బొచ్చే డ్యూరియన్ పండ్ల తోటలు వేసుకున్నారు. 1975లో బ్రెజిల్‌లో మంచు పడి తోటలు మాడిపోయాక, 1977లో అరబికా ఒక రికార్డు ధరకు చేరింది. మొన్న డిసెంబరులో ఆ రికార్డు పోయింది. ఫిబ్రవరిలో పౌను నాలుగు డాలర్లు దాటింది. అదే అరబికా 2019లో పౌను డాలరు కన్నా తక్కువకు అమ్ముడుపోయింది. అప్పుడు నష్టపోయింది రైతు. ఈసారి మన కొండల్లో పండించే గిరిజన రైతులకు కూడా కాస్త మంచి ధర దక్కింది, వాళ్ళ దగ్గర గింజలు కొనే గిరిజన సహకార సంస్థ జీసీసీ కూడా సేకరణ ధర పెంచింది. 710 కట్టేటప్పుడు నాకు గుండె ఝల్లుమన్న మాట నిజమే కానీ, అందులో కొంత వాళ్ళ చేతికి పోతోందంటే మాత్రం నాకు బాధ లేదు.

ఇప్పుడు లెక్క. ఎవరి అనుమానం వాళ్ళకి ఉంటుంది, అందుకే విప్పి చెబుతున్నాను. కిలో పచ్చి గింజలు వేయిస్తే తేమ పోయి సుమారు 840 గ్రాములు మిగులుతాయి. ఒక ఫిల్టర్ కాఫీకి, చికోరీ కాకుండా, 12 గ్రాముల కాఫీ పొడి పడుతుంది. అంటే కిలోకి 70 కప్పులు. ఇంతకుముందు కప్పులో గింజల ఖర్చు 6 రూపాయలు, ఇకమీద 10 పైచిలుకు. పెరిగింది నాలుగు రూపాయల చిల్లర, నేను తీసుకుంటున్నది ఐదు. కాపుచినోకి 18 గ్రాములు వేస్తాం కాబట్టి అక్కడ పెరిగింది ఆరు పైన, తీసుకుంటున్నది ఐదే. ఫిల్టర్ కాఫీలో మిగిలే పైసలు అక్కడ పోతాయి. 34 అని పెట్టొచ్చుగా అని ఫోన్‌తో కట్టేవాళ్ళు అనొచ్చు. పొద్దున్నే బీచ్ రోడ్డు వాకింగ్ నుంచి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఇప్పటికీ నోట్లే ఇస్తారు. ఒక్కొక్కరికి రూపాయి చిల్లర వెతికే ఓపిక ఆ రద్దీలో కౌంటర్ దగ్గరున్న కుర్రాడికి ఉండదు.

ప్యాకెట్ మీద 85 రూపాయలు చూసి ఎక్కువమంది ఉలిక్కిపడతారని నాకు తెలుసు. కప్పులో పాలు, పంచదార, గ్యాసు, అద్దె, జీతాలు అన్నీ ఉంటాయి, గింజల వాటా తక్కువ. ప్యాకెట్‌లో ఉన్నదంతా గింజే. పావు కిలో పొడికి దాదాపు 300 గ్రాముల పచ్చి గింజలు కావాలి. వాటి మీద పెరిగింది 86 రూపాయలు. అందులో నా లాభం పైసా కూడా పెంచలేదు.

ధర పెంచకుండా సర్దుకునే దారులు లేకపోలేదు. చికోరీ ఇంకొంచెం పెంచవచ్చు, డికాక్షన్ నల్లగానే దిగుతుంది, చాలామంది పోల్చుకోలేరు కూడా. కానీ మూడో సీటు దగ్గర కూర్చునే మాస్టారు మొదటి గుక్కలోనే పట్టేస్తారు, ఆయనతో నేను పడలేను. రోబస్టా కలపమని ఒక వ్యాపారి సలహా ఇచ్చాడు. దాని ధరా పెరిగింది, కలిపితే చేదూ పెరుగుతుంది. గ్లాసు సైజు తగ్గించడం నాకు అసలు నచ్చని పని. అది కూడా ధర పెంచడమే, కాకపోతే మీకు చెప్పకుండా. ఇక ముందే రెండేళ్ళకు సరిపడా కొని పెట్టుకోవచ్చుగా అంటారా? అంత డబ్బు లేదు, ఉన్నా విశాఖ వానాకాలపు గాలికి పచ్చి గింజలు తేమ పీల్చుకుని రుచి చెడతాయి.

ముందే డబ్బు కట్టి నెల కార్డు తీసుకున్నవాళ్ళకి ఆ కార్డు అయిపోయేదాకా పాత ధరే. కార్డు మీద ఏప్రిల్ తేదీ పడినా ఫర్వాలేదు. మార్చి 31 లోపు ప్యాకెట్లు కొనాలనుకుంటే మనిషికి రెండు చొప్పున ఇస్తాను, అంతకన్నా ఎక్కువ అడగొద్దు. ఉన్న పాత సరుకు అందరికీ అందాలి. ఎలాగూ వేయించిన పొడి నెల దాటితే వాసన పోతుంది.

వచ్చే పంట ధర సంక్రాంతి తర్వాత తెలుస్తుంది. తగ్గితే ముందుగా ప్యాకెట్ ధర తగ్గిస్తాను, ఎందుకంటే దానిమీదే ఎక్కువ పెంచాను. తగ్గకపోతే మీకు మళ్ళీ ఇలాగే రాస్తాను. కొనుగోలు బిల్లులు చూడాలనుకునేవాళ్ళు మంగళవారం మధ్యాహ్నం రండి. గింజలు వేయించే రోజు అది, నేను తప్పకుండా షాపులోనే ఉంటాను.

ఇట్లు,
మీ రమణి